పోస్టు బయటివాళ్లకు వెళ్తే.. లోపల ఆశపడ్డవాళ్లకు ఏం చెప్పాలి?

2024 ఏప్రిల్‌లో విప్రో సీఈవో థియెరీ డెలాపోర్ట్ రాజీనామా చేశారు. 2020లో ఆయన్ని క్యాప్‌జెమినీ నుంచి తెచ్చుకున్నారు. ఐదేళ్ల గడువు పూర్తికాకుండానే వెళ్లిపోయారు. ఆయన కుర్చీలోకి వచ్చిన శ్రీని పల్లియా 1992 నుంచీ విప్రోలోనే పనిచేస్తున్న మనిషి. ఇన్ఫోసిస్ మాత్రం 2014లో శాప్ నుంచి విశాల్ సిక్కాను, 2018లో క్యాప్‌జెమినీ నుంచి సలీల్ పరేఖ్‌ను తీసుకుంది. టీసీఎస్‌లో చూస్తే రామదొరై, చంద్రశేఖరన్, గోపీనాథన్, కృతివాసన్.. అందరూ ఆ కంపెనీలోనే పెరిగినవాళ్లు. ఒకే రంగం, ఒకే రకం వ్యాపారం. కానీ 'ఇంట్లోవాళ్లకు ఇవ్వాలా, బయటి నుంచి తేవాలా' అన్నదానికి మూడు కంపెనీలు మూడు రకాలుగా జవాబిచ్చాయి.

'మాకింకా ఆఫ్‌క్యాంపస్ లింకే రాలేదు, సీఈవోల గోల మాకెందుకు' అంటారా? ఇదే నిర్ణయం ఏడుగురున్న చిన్న టీమ్‌లో టెక్ లీడ్ పోస్టు దగ్గర కూడా జరుగుతుంది. మీరు ఉద్యోగంలో చేరిన మూడు నాలుగేళ్లకు ఆ పోస్టు కోసం మీరే లోపలి నుంచి అడుగుతారు. లేదా బయటి నుంచి వెళ్లి, అక్కడ ఎవరో ఆశపెట్టుకున్న సీట్లో కూర్చుంటారు. సీఈవోల సంగతి పేపర్లో వస్తుంది. టీమ్ లీడ్ సంగతి రాదు కాబట్టి, నేను చూసిన ఒకటి చెప్తాను. అందులో నాకూ వాటా ఉంది.

దసరాకి ముందు పూర్తవ్వాల్సిన పని

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. హైదరాబాద్‌లో ఓ మధ్యస్థాయి కంపెనీలో, పేమెంట్ల లెక్కలు సరిచూసే టీమ్ పక్క టీమ్‌లో ఉండేవాణ్ని. వ్యాపారులకు వెళ్లాల్సిన డబ్బు, బ్యాంకు పంపిన డబ్బు రోజూ రాత్రి పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ వాళ్లది. జనవరిలో వాళ్ల టెక్ లీడ్ రాజీనామా పెట్టాడు. తొంభై రోజుల నోటీస్ పీరియడ్, అంటే ఏప్రిల్ చివరి దాకా ఉంటాడు. ఆ ఏడాది టీమ్ మీదున్న పెద్ద పని, మొత్తం సిస్టమ్‌ని సొంత సర్వర్ల నుంచి క్లౌడ్‌కి మార్చడం. దసరా అమ్మకాలకు లావాదేవీలు పెరుగుతాయి కాబట్టి సెప్టెంబర్ చివరికి అది అయిపోవాలి.

పోస్టుకు లోపలి నుంచి ఒకరే దరఖాస్తు పెట్టారు. నాలుగేళ్లుగా అదే టీమ్‌లో ఉన్న సీనియర్ ఇంజినీర్. రాత్రి రెండింటికి బ్యాచ్ ఆగిపోతే ముందు ఫోన్ వెళ్లేది ఆమెకే. ఏ బ్యాంకు ఫైలు ఏ సెలవు రోజున ఫార్మాట్ మార్చుకుని వస్తుందో ఆమె బుర్రలో ఉండేది. క్లౌడ్‌కి మార్చే పని మాత్రం ఎప్పుడూ చేయలేదు. మీటింగుల్లో పెద్దగా మాట్లాడేది కాదు. బయటి నుంచి వచ్చినవాళ్లలో చివరికి మిగిలింది తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న ఒకతను. అలాంటి మార్పులు రెండు చేశానని రెజ్యూమేలో ఉంది.

టెక్నికల్ రౌండ్ ప్యానెల్‌లో నన్ను కూర్చోబెట్టారు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాం: 'మార్పు మధ్యలో లెక్కలు తేడా వస్తే పాత సిస్టమ్‌కి ఎలా వెనక్కి వెళ్తారు?' ఆమె కాసేపు ఆలోచించి, 'ఆ రోజు ఏ ఫైల్ ఎక్కడిదాకా ప్రాసెస్ అయిందో చూడకుండా చెప్పలేను' అంది. అతను బోర్డు దగ్గరికెళ్లి బాణాలు గీసి పది నిమిషాలు అనర్గళంగా చెప్పాడు. నేను అతనికే ఓటేశాను.

తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నాను. ఆమె చెప్పినదే మా సిస్టమ్‌కి సరైన జవాబు. అతను చెప్పింది ఏ సిస్టమ్‌కైనా సరిపోయే జవాబు. మేం విన్నది మాత్రం ఆమె తడబాటుని, అతని ధారాళాన్ని.

రెండు కొలబద్దలు

ఇది నా ఒక్కడి పొరపాటు కాదు, ఈ నిర్ణయంలో తరచూ జరిగేదే. లోపలి మనిషిని నాలుగేళ్ల రికార్డుతో కొలుస్తాం. ఎప్పుడో ఒక రిలీజ్ ఆలస్యమైంది, ఒక మీటింగ్‌లో నోరు విప్పలేదు, అన్నీ గుర్తుంటాయి. బయటి మనిషిని నలభై ఐదు నిమిషాల్లో కొలుస్తాం. అవి ఆ మనిషి బాగా తయారై వచ్చిన నలభై ఐదు నిమిషాలు. అతని పాత టీమ్‌లో అతని మీద ఏ ఫిర్యాదులున్నాయో మనకు తెలిసే దారి దాదాపు లేదు. మా దగ్గర హెచ్‌ఆర్ సరిచూసింది జీతం స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, అంతే. ఆ రెండు మార్పుల్లో అతని చేతి పని ఎంత, పక్కన కూర్చుని చూసింది ఎంత అని ఎవరూ అడగలేదు.

వార్టన్ బిజినెస్ స్కూల్‌లో మాథ్యూ బిడ్వెల్ అనే ప్రొఫెసర్ దీనిమీద 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. ఓ పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో 2003 నుంచి 2009 దాకా ఉద్యోగుల వివరాలు తీసుకుని, ఒకే రకం పోస్టుకి ప్రమోషన్ మీద వచ్చినవాళ్లనీ బయటి నుంచి చేరినవాళ్లనీ పోల్చారు. బయటివాళ్లకు జీతం సుమారు 18 శాతం ఎక్కువ. మొదటి రెండేళ్లు పనితీరు రేటింగులు మాత్రం తక్కువ. మానేసేది, తీసేసేది కూడా వాళ్లనే ఎక్కువ. చదువు, అనుభవం కాగితం మీద వాళ్లకే మెరుగ్గా ఉన్నా ఇదీ ఫలితం. ఒక బ్యాంకు లెక్క అన్ని కంపెనీలకూ వర్తిస్తుందని చెప్పలేం. కానీ కారణం మాత్రం ఎక్కడైనా ఒకటే: కొత్తచోట పని నడిచే తీరు నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది, ఆ టైమ్‌ని ఇంటర్వ్యూ రోజున ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మేమూ తీసుకోలేదు. ఇప్పుడు తీరిగ్గా వేస్తే ఆ లెక్క ఇలా ఉంటుంది. జనవరిలో వెతకడం మొదలుపెడితే మార్చి మధ్యలో ఆఫర్ ఇచ్చాం. అతనికీ తొంభై రోజుల నోటీసు, కాబట్టి వచ్చేది జూన్ మధ్యలో. రాత్రి బ్యాచ్‌ని, బ్యాంకు ఫైళ్లని అర్థం చేసుకోవడానికి తక్కువలో తక్కువ మూడు నెలలు. అంటే సెప్టెంబర్ మధ్య. గడువుకి మిగిలింది రెండు వారాలు! అదే ఆమెకు జనవరిలో ఇచ్చి ఉంటే చేతిలో ఎనిమిది నెలలు. మా బెంగళూరు ఆఫీసులో అంతకుముందే వేరే సిస్టమ్‌ని క్లౌడ్‌కి మార్చినవాళ్లు ఉన్నారు. అక్కడి నుంచి ఒకరిని వారానికి రెండు రోజులు అడిగి, మొదటి రెండు నెలల్లో ఏదైనా చిన్న సర్వీస్‌ని మార్చి చూసి ఉంటే, ఆమెకు ఆ పని చేతికొచ్చేదా రాదా మార్చి నాటికే తేలిపోయేది.

ఏ పోస్టు దగ్గరైనా నేనిప్పుడు ముందు అడిగే ప్రశ్న అదే. బయటి మనిషి మన సిస్టమ్ నేర్చుకోవడానికి ఎంత కాలం? లోపలి మనిషి తనకు లేని నైపుణ్యం నేర్చుకోవడానికి ఎంత కాలం? రెండోదానికి నేర్పే మనిషి ఉన్నారా? దరఖాస్తులు తెరవకముందే, ఈ పోస్టులోకి వచ్చినవాళ్లు పన్నెండు నెలల్లో ఏం పూర్తిచేయాలో మూడు వాక్యాలు రాసిపెట్టుకుంటే ఈ లెక్క వేయడం తేలిక. మనుషులను చూశాక రాస్తే, నచ్చినవాళ్లకు తగ్గట్టు రాసుకుంటాం.

అలాగని ఎప్పుడూ లోపలివాళ్లకే ఇవ్వాలని కాదు. కావాల్సిన పని లోపల ఎవరూ చూసి కూడా ఉండక, నేర్పేవాళ్లూ లేకపోతే బయటికి వెళ్లాల్సిందే. టీమ్ అలవాట్లే సమస్య అయినప్పుడు, ఉదాహరణకు టెస్టులు రాయకుండా నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టేయడం అందరికీ మామూలైపోయినప్పుడు, ఆ అలవాట్లలో పెరిగిన మనిషి వాటిని మార్చడం కష్టం. లోపలి మనిషికి ఇస్తే ఇంకో ఖర్చు కూడా ఉంది. నిన్నటిదాకా ఆ మనిషి చేసిన పని ఎవరికో ఇవ్వాలి. దానికి మళ్లీ ఒకరిని వెతకాలి. 'సోమవారం నుంచే లీడ్' అని సంబరపడి, పాత పని కూడా ఆమెతోనే చేయించి, ఆర్నెల్లకు 'లీడ్‌గా సరిపోలేదు' అని తేల్చేసే కంపెనీలు ఉన్నాయి.

చెప్పకుండా దాచిన మూడు నెలలు

నిర్ణయం తప్పే అనుకుందాం. దానికంటే పెద్ద నష్టం తర్వాత జరిగింది.

మార్చి మధ్యలో అతను ఆఫర్ ఒప్పుకున్నాడు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను అడిగితే వాళ్ల మేనేజర్ అన్న మాట ఇదీ: 'అతను కౌంటర్ ఆఫర్ తీసుకుని రాకపోతే? అప్పుడు మనకు ఆమే దిక్కు. ఇప్పుడే చెప్పి బాధపెట్టడం ఎందుకు?' మన ఐటీలో నోటీస్ పీరియడ్ మధ్యలో మనసు మార్చుకునేవాళ్లు ఎక్కువే, కాబట్టి ఆయన భయం నిజమే. కానీ ఆ మాటకు అర్థం ఏంటి? ఆమె తనకు తెలియకుండానే స్టెప్నీ టైరయింది. ఏప్రిల్ చివర పాత లీడ్ వెళ్లిపోయాక, నెలన్నరపాటు లీడ్ పని మొత్తం చేసింది ఆమే. 'ఇంకా ప్రాసెస్‌లో ఉంది' అని చెప్తూ చేయించుకున్నారు.

జూన్ మొదటి వారంలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, కొత్తగా చేరేవాళ్లకు ల్యాప్‌టాప్ కేటాయించే ఆటోమేటిక్ మెయిల్ టీమ్ మొత్తానికి వచ్చింది. అందులో అతని పేరు, పక్కన డిజిగ్నేషన్: టెక్ లీడ్. ఆమె ఆ మెయిల్ చదివిన టైమ్‌లో నేను కాఫీ మెషీన్ దగ్గర ఉన్నాను. ఏమీ అనలేదు. బ్యాగ్ సర్దుకుని వెళ్లిపోయింది.

సోమవారం మేనేజర్ ఆమెను పిలిచారు. ఆమె తర్వాత నాకు చెప్పిన ప్రకారం ఆ సంభాషణ ఆరు నిమిషాలు. 'ఈసారి పోటీ ఎక్కువగా ఉంది. నీ టైమ్ కూడా వస్తుంది. నువ్వు టీమ్‌కి చాలా ముఖ్యం, తెలుసు కదా' అన్నారాయన. 'నాలో ఏం తక్కువైంది సార్?' అని అడిగిందట. 'ఛ ఛ, అలాంటిదేం లేదు. బిజినెస్ డెసిషన్' అన్నారు. ఆ వెంటనే, 'అతనికి సిస్టమ్ అంతా నువ్వే చూపించాలి' అన్నారు.

ఏడు వారాలకు ఆమె రాజీనామా పెట్టింది. కొత్త కంపెనీ నోటీస్ పీరియడ్‌ని డబ్బు కట్టి తగ్గించుకుంది. సెప్టెంబర్ మధ్యలో వెళ్లిపోయింది. సరిగ్గా ఆమె బుర్రలో ఉన్నదంతా కావాల్సిన వారాలవి. కొత్త లీడ్ చెడ్డ ఇంజినీరేం కాదు. మార్పు పని బాగానే తెలుసు. మా బ్యాంకు ఫైళ్లు తెలియవు. చెప్పేవాళ్లు లేక ఒక్కొక్కటీ పగిలాక నేర్చుకున్నాడు. దసరాకి కావాల్సిన పని సంక్రాంతికి అయింది.

పోస్టు రాకపోవడం వల్లే వెళ్లిపోతారా?

దీనికి కాస్త దగ్గరి జవాబు చెప్పే పరిశోధన ఇంకొకటి ఉంది. కార్నెల్ యూనివర్సిటీలో జె.ఆర్. కెల్లర్, కేథరిన్ డ్లుగోస్‌తో కలిసి ఓ పెద్ద అమెరికన్ కంపెనీలో ఐదేళ్లలో జరిగిన 9,000కు పైగా లోపలి తిరస్కరణలు పరిశీలించారు. లోపల పోస్టుకి దరఖాస్తు పెట్టి కాదనిపించుకున్నవాళ్లు, పోస్టు వచ్చినవాళ్లతోనూ అసలు దరఖాస్తే పెట్టనివాళ్లతోనూ పోలిస్తే దాదాపు రెట్టింపుగా కంపెనీ వదిలి వెళ్లారు. ఇంతవరకూ ఊహించేదే. ఆసక్తికరమైనది తర్వాతిది. నియమించే మేనేజర్‌తో ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయినవాళ్లు, అంతకుముందే తిరస్కరణకు గురైనవాళ్లతో పోలిస్తే వెళ్లిపోయే అవకాశం సగమే. అలాగే పోస్టు బయటివాళ్లకు కాకుండా తోటి ఉద్యోగికి వెళ్తే కూడా వదిలిపోయేవాళ్లు సగమే.

ఎందుకలా? పోస్టు పోయిందన్న బాధ ఒకటి, 'ఇక్కడ నాకు దారి లేదు' అన్న నమ్మకం ఇంకొకటి. మనిషిని బయటికి నెట్టేది రెండోది. నిజంగా పరిశీలించారు, మళ్లీసారి అవకాశం ఉంది అనిపిస్తే ఉండడానికి కారణం మిగులుతుంది. పక్క సీటు మనిషికి వచ్చిందంటే లోపలివాళ్లకూ ఇస్తారని రుజువు దొరికినట్టే. బయటి నుంచి తెచ్చినప్పుడు ఆ రుజువు ఉండదు. కాబట్టి ఆ పని మాటే చేయాలి.

మరి ఏ మాట? మా కథలో తప్పిన వాటినే తిరగేసి చూస్తే చాలావరకు తెలుస్తుంది. ముందుగా టైమ్. బయటి మనిషికి ఆఫర్ వెళ్లిన రోజే, వీలైతే దానికి ముందే, లోపలి మనిషికి నేరుగా చెప్పాలి. హెచ్‌ఆర్ సిస్టమ్‌లో పేరు ఎక్కిందంటే అది ఎక్కడో ఓ మెయిల్‌గా బయటపడుతుంది. అతను రాకపోతే ఎలా అన్న భయం ఉంటే, అదే చెప్పొచ్చు: 'మేం ఒకరికి ఆఫర్ ఇచ్చాం. అతను చేరకపోతే మళ్లీ మొదటి నుంచి చూస్తాం, అందులో నువ్వూ ఉంటావు. అప్పటిదాకా లీడ్ పని నువ్వు చేయాల్సి వస్తుంది. దానికి ఈ నెల నుంచి అలవెన్స్ అడిగాను. వద్దనుకుంటే చెప్పు, వేరే ఏర్పాటు చేస్తాను.' వినడానికి ఇబ్బందిగా ఉన్నా ఇందులో ఎవరినీ స్టెప్నీని చేయడం లేదు.

జీఈ కంపెనీ ఒకప్పటి అధినేత జాక్ వెల్చ్ గురించి మంచీ చెడూ రెండూ చెప్తారు. 2000 నవంబర్‌లో తన వారసుడిగా జెఫ్ ఇమ్మెల్ట్‌ని ఎంచుకున్నాక, పోటీలో ఓడిన జిమ్ మెక్‌నెర్నీ, బాబ్ నార్డెల్లీలకు ఆయన ఫోన్లో చెప్పలేదు. విమానమెక్కి ఒకరి దగ్గరికి సిన్సినాటీకి, మరొకరి దగ్గరికి ఆల్బనీకి తానే వెళ్లి, వేరెవరి నోటా వినకముందే ఎదురుగా చెప్పారు. అయినా ఇద్దరూ ఆగలేదు. రెండు వారాల్లోపే ఒకరు 3ఎంకి, ఇంకొకరు హోమ్ డిపోకి అధినేతలుగా వెళ్లారు. ఆ స్థాయిలో ఆగుతారని వెల్చ్ కూడా అనుకోలేదు. మంచిగా చెప్తే ఉండిపోతారని లేదు, అది ఒప్పుకోవాలి. కానీ నార్డెల్లీ తనకెందుకు రాలేదో కారణం కావాలని పట్టుబట్టారని, తానేం చెప్పినా ఆయనకు తృప్తి కలగలేదని వెల్చే ఆత్మకథలో రాసుకున్నారు. అంత పెద్దవాళ్లు కూడా అడిగేది మా ఆమె అడిగిన ప్రశ్నే: నాలో ఏం తక్కువైంది?

ఆ ప్రశ్నకు ఒక్క నిజమైన కారణం చెప్పాలి. ఐదు వద్దు. ఐదు చెప్తే మనిషిని పోస్ట్‌మార్టమ్ చేసినట్టుంటుంది. 'బిజినెస్ డెసిషన్' అంటే అసలేం చెప్పనట్టే. ఆమె విషయంలో నిజమైన కారణం ఒకటే: క్లౌడ్ మార్పు చేసిన అనుభవం. 'ఈ పోస్టుకి మేం అతన్ని ఎంచుకున్నాం. నిర్ణయం అయిపోయింది, మారదు. కారణం ఒకటే, సెప్టెంబర్‌లోపు చేయాల్సిన మార్పు ఇంతకుముందు చేసిన మనిషి కావాలనుకున్నాం. సిస్టమ్ నాలెడ్జ్‌లో నీకే ఎక్కువ మార్కులు పడ్డాయి.' ఇంతే. తర్వాత మాట్లాడకుండా ఉండాలి. చాలామంది మేనేజర్లు ఇక్కడే దెబ్బతింటారు. ఎదుటివాళ్ల మౌనం భరించలేక 'నీ టైమ్ వస్తుంది' అని వాగ్దానం చేసేస్తారు. వచ్చే ఏడాది పోస్టు ఉంటుందో లేదో ఆ మేనేజర్ చేతిలో లేదు. అది నిజం కాదని ఎదుటి మనిషికీ తెలుసు.

చేతిలో ఉన్నవి మాత్రం ఇవ్వొచ్చు. ఆ మార్పులో ఒక భాగం పూర్తిగా ఆమె బాధ్యత చేయడం, అది అప్రైజల్‌లో రాతపూర్వకంగా ఉండేలా చూడటం, ఫలానా నెలలో కూర్చుని చూద్దామని తేదీ పెట్టడం లాంటివి. 'అతనికి నువ్వే నేర్పాలి' అన్నది ఆ రోజు అనకూడని మాట. ఆ పని ఎలాగూ అడగాల్సి వస్తుంది, వారం ఆగి అడగొచ్చు. జీతం గురించి అడిగితే అబద్ధం చెప్పకూడదు. బయటి నుంచి వచ్చే మనిషికి ఎక్కువ ఇస్తారని ఆమెకు తెలుసు. అతని అంకె చెప్పక్కర్లేదు, ఆమె జీతం మార్కెట్‌లో ఎక్కడుందో చూస్తానని చెప్పి నిజంగా చూస్తే చాలు.

ఇలా జరిగితే ఉంటారా? ఇన్ఫోసిస్‌లో 2017 ఆగస్టులో సిక్కా వెళ్లాక యు.బి. ప్రవీణ్ రావు తాత్కాలిక సీఈవోగా కంపెనీని నడిపారు. 2018 జనవరిలో పరేఖ్ బయటి నుంచి వచ్చాక ప్రవీణ్ రావు మళ్లీ సీఓఓగానే కొనసాగి, 2021 డిసెంబర్‌లో రిటైరయ్యారు. ఆ కుర్చీ మీద ఆయనకు ఆశ ఉందో లేదో, ఆయనతో ఏం మాట్లాడారో మనకు తెలీదు. తాత్కాలికంగా పైసీట్లో కూర్చున్న మనిషి కిందికి దిగాక కూడా నాలుగేళ్లు కలిసి పనిచేయడం సాధ్యమేనని మాత్రం తెలుస్తోంది.

బల్లకి ఈ పక్క మీరుంటే

రేపు మీరు లోపలి అభ్యర్థి అయితే, పోస్టు రానప్పుడు ఆ గదిలోనే రాజీనామా మాట ఎత్తకండి. కోపంలో అన్న ఆ మాటని వెనక్కి తీసుకోవడం కష్టం. 'ఒక్క కారణం చెప్పండి' అని అడగండి. అది నేర్చుకోగలిగేదైతే, 'ఈ ఏడాది నాకు ఆ పని ఎక్కడ దొరుకుతుంది' అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే రెజ్యూమే తీయండి, అందులో తప్పులేదు.

బయటి నుంచి వెళ్తుంటే, చివరి రౌండ్లో మేనేజర్‌ని ఇది అడగండి: 'ఈ పోస్టుకి టీమ్‌లోంచి ఎవరైనా పోటీపడ్డారా? వాళ్లకు విషయం చెప్పారా?' తడుముకున్నారంటే, మీ మొదటి మూడు నెలలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. ఫ్రెషర్‌గా వెళ్తున్నా మీ సీనియర్లను ఒకటి అడగొచ్చు: ఇక్కడి లీడ్‌లలో ఎంతమంది ట్రైనీలుగా చేరినవాళ్లు? ప్యాకేజీ కంటే ఎక్కువే చెప్తుంది ఆ అంకె.

ఇప్పుడు నాకు ఇరవై తొమ్మిది. వేరే కంపెనీలో ఐదుగురి చిన్న టీమ్ చూస్తున్నాను. పోయిన అక్టోబర్‌లో మాకూ ఒక పోస్టు పడింది, లోపల ఒకతను అడిగాడు. లెక్క వేశాం. డేటా సెక్యూరిటీ పని, లోపల చేసినవాళ్లు లేరు, నేర్పేవాళ్లూ లేరు. బయటి నుంచే తీసుకున్నాం. ఆఫర్ వెళ్లేరోజు పొద్దున అతన్ని పిలిచి చెప్పాను. నేను సిద్ధం చేసుకున్న మాటల్లో సగం మర్చిపోయాను. అతను చాలాసేపు కిటికీలోంచి చూసి, 'ముందే చెప్పినందుకు థ్యాంక్స్' అన్నాడు. తర్వాత రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆ రెండు రోజులూ నేను మెయిల్ తెరిచినప్పుడల్లా రాజీనామా ఉందేమోనని చూసుకున్నాను.

ఉంటాడో వెళ్తాడో నాకింకా తెలీదు. జులై రివ్యూ లోపు అతనికి ఇస్తానన్న పనులు రెండు. ఒకటి అతని చేతికి ఇచ్చాను. రెండోది మా డైరెక్టర్ సంతకం దగ్గర ఆగి ఉంది. రేపు మళ్లీ వెళ్లి అడగాలి.